"కాస్త క్లీన్ చేసి పంపండి": ట్రాక్ చేంజెస్, కామెంట్లతో నిండిన ఫైలును ఫైనల్ చేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

లాయర్ల ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో, ప్రచురణ సంస్థల్లో పనిచేసేవాళ్ళకి రోజూ ఎదురయ్యే పని ఇది. ఎవరో ఒక వర్డ్ ఫైలు అప్‌లోడ్ చేస్తారు. తెరిస్తే ఎర్ర గీతలు, నీలం గీతలు, పక్కన మార్జిన్ నిండా కామెంట్లు. దాంతోపాటు వచ్చిన మెసేజ్ మాత్రం ఒక్క ముక్క: "కాస్త క్లీన్ చేసి పంపండి." ఆ ఒక్క ముక్కతో పని మొదలుపెట్టేవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

అన్నింటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. నాలుగు పేజీల షాపు అద్దె అగ్రిమెంటు, తెలుగులో. అందులో ముగ్గురు చేతులు పెట్టారు: ఓనరు, అద్దెదారు, ఓనరు తరఫు లాయరు. ఫైలు పంపింది ఓనరుగారి అబ్బాయి. "క్లీన్ చేసి పంపండి, స్టాంపు పేపర్ మీద ప్రింట్ తీయాలి" అన్నారు.

"క్లీన్ చేయండి" అంటే అసలు ఏం అడుగుతున్నట్టు?

ఆ మాటలో రెండు పనులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి చేతిపని: గీతలు, రంగులు, బెలూన్లు పోవాలి, ప్రింటుకు పనికొచ్చే కాపీ రావాలి. రెండోది నిర్ణయం: ప్రతి మార్పు దగ్గరా పాతది ఉండాలా, కొత్తది ఉండాలా. పంపినవాళ్ళ మనసులో సాధారణంగా మొదటిదే ఉంటుంది. రెండోది ఎప్పుడో తేలిపోయిందని వాళ్ళు అనుకుంటారు. చాలా చోట్ల అది నిజమే, నిజంగానే తేలిపోయి ఉంటుంది. కొన్నిచోట్ల తేలలేదు. ఆ కొన్నింటిని కనిపెట్టడమే ఈ పనిలో కష్టం. మిగతాది బటన్లు నొక్కడం.

కాబట్టి తేలిన నిర్ణయాలను అమలు చేయాలి, తేలనివాటిని మనం తేల్చకూడదు. అలాగని ప్రతి కామాకీ ఫోన్ చేసి అడగనూ కూడదు.

Review ట్యాబ్‌లో Accept All Changes నొక్కేస్తే సరిపోదా?

ఒక్కరే దిద్దిన ఫైలైతే చాలాసార్లు సరిపోతుంది. ఒక ఎడిటరు వ్యాసం దిద్ది పంపారు, రచయిత చదువుకుని, అభ్యంతరం ఏమీ చెప్పకుండా "క్లీన్ చేయండి" అని మీకు పంపారు అనుకోండి. అక్కడ ఆయన మౌనం అంగీకారమే. కామెంట్లు ఒకసారి చదివి, Accept All నొక్కి, చివర తనిఖీ చేసుకుంటే పని అయిపోతుంది.

ఇద్దరు ముగ్గురు దిద్దిన ఫైలు అలా కాదు. మన అగ్రిమెంటులో అద్దె వాక్యం దగ్గరికి వెళ్దాం. మొదట ఉన్నది "నెలకు రూ. 45,000 (నలభై ఐదు వేల రూపాయలు)". అద్దెదారు 45,000 కొట్టేసి 42,000 అని టైప్ చేశారు. తర్వాత ఓనరు ఆ 42,000 ని కొట్టేయకుండా, దాని పక్కనే 43,500 అని టైప్ చేశారు. వర్డ్ దృష్టిలో అవి రెండూ చేర్పులే, ఒకదానికొకటి పోటీ అని దానికి తెలియదు. Accept All నొక్కగానే వాక్యం ఇలా తయారవుతుంది: "నెలకు రూ. 42,00043,500 (నలభై ఐదు వేల రూపాయలు)". ఇది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు.

అసలు ప్రమాదం కనిపించని చోట ఉంటుంది. గడువు క్లాజులో అద్దెదారు "11 నెలలు" తీసేసి "36 నెలలు" పెట్టారు. లాయరు పక్కన కామెంటు రాశారు: "ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇద్దరూ ఒప్పుకుంటేనే." దాని కింద ఓనరు జవాబు: "11 నెలలే ఉంచండి." దాని కింద అద్దెదారు: "సరే." అంటే విషయం తేలిపోయింది, 11 దగ్గరే ఆగింది. కానీ ఆ తేలిన సంగతి కామెంట్లలో ఉంది, వాక్యంలో లేదు. 36 అని చేసిన మార్పును ఎవరూ వెనక్కి తీయలేదు. Accept All నొక్కి, కామెంట్లన్నీ తీసేస్తే, ఎవరూ ఒప్పుకోని 36 నెలల ఒప్పందం శుభ్రంగా, ఏ అనుమానమూ రాకుండా ప్రింటవుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. కాబట్టి ఇది ఒక అంకె తేడాతో పోయే విషయం కాదు, పత్రం చెల్లుబాటే మారిపోతుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

అప్‌లోడ్ అయిన ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, దాని కాపీ మీద పనిచేయండి. కాపీలో Review ట్యాబ్‌కి వెళ్ళి వ్యూను All Markup కి మార్చండి. Simple Markup లో ఉంటే మార్జిన్‌లో ఒక్క గీత తప్ప ఏమీ కనిపించదు, ఎన్ని మార్పులున్నాయో తెలియదు. Reviewing Pane తెరిస్తే మార్పులన్నీ వరసగా, ఎవరు చేశారో పేరుతో సహా వస్తాయి.

అప్పుడు ముందు కామెంట్లు చదవండి. మార్పుల జోలికి ఇంకా వెళ్ళొద్దు. కామెంట్లన్నీ మొదటి నుంచి చివరిదాకా, జవాబులతో సహా చదివితే ఏ మార్పు మీద మాట జరిగింది, ఎక్కడ ఒప్పందం కుదిరింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తెలుస్తుంది. అది తెలియకుండా మార్పులు దిద్దడం మొదలుపెడితే, కారణం చదవకముందే తీర్పు చెప్పినట్టవుతుంది. Resolve చేసిన కామెంట్లు కూడా చదవాలి. అవి సులువుగా చూపు దాటిపోతాయి, కానీ ఒప్పందం కుదిరిన మాట ఎక్కువగా వాటిలోనే ఉంటుంది.

తర్వాత రొదను తగ్గించుకోండి. ఫాంటు మారింది, స్పేసింగ్ మారింది అనే మార్పులే సగం మార్జిన్ నింపేస్తాయి. Show Markup లో Insertions and Deletions, Comments టిక్కులు తీసేసి Formatting ఒక్కటే ఉంచి, వాటి మీద ఒకసారి కన్నేసి, Accept All Changes Shown నొక్కండి. కనిపిస్తున్న ఫార్మాటింగ్ మార్పులు మాత్రమే ఖాయమవుతాయి, మాటల మార్పులు అలాగే ఉంటాయి. టిక్కులు మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోవద్దు.

అదేవిధంగా Show Markup లోనే Specific People దగ్గర ఒక్క లాయరు పేరే ఉంచితే ఆయన చేసినవి మాత్రమే కనిపిస్తాయి. మన ఫైలులో ఆయన చేసినవి ఎక్కువగా అక్షర దోషాలు, విరామ చిహ్నాలు. ఒకసారి చదివి, వాటిని కలిపి ఒప్పేసుకోవచ్చు. ఇంతవరకూ వచ్చేసరికి ఫైలులో మిగిలేవి నిజంగా ఆలోచించాల్సిన చోట్లే. వాటి దగ్గర ఒక్కొక్కటిగా Accept లేదా Reject నొక్కుకుంటూ వెళ్ళాలి.

ఎవరి మాట నిలవాలో ఎలా తెలుస్తుంది?

ఫైలే చాలావరకు చెబుతుంది. మార్పు మీద మౌస్ పెడితే ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు చేశారో కనిపిస్తుంది. ఒక మార్పు తర్వాత అవతలివాళ్ళు ఫైలు తెరిచి, అదే పేరాలో ఇంకేదో దిద్ది, ఈ మార్పును అలాగే వదిలేశారంటే దాన్ని చూశారనే అనుకోవచ్చు. కామెంటులో "సరే", "ఓకే", "అలాగే ఉంచండి" అని ఉంటే అది స్పష్టమైన నిర్ణయం. ప్రశ్నార్థకంతో ముగిసి జవాబు లేని కామెంటు ఉంటే అది తేలలేదు.

అద్దె దగ్గర ఓనరు కామెంటు "ఇంతకు తగ్గదు". అద్దెదారు జవాబు "ఇంట్లో అడిగి చెప్తాను". ఆ తర్వాత ఏమీ లేదు. ఫైలు పంపింది ఓనరు అబ్బాయే కాబట్టి 43,500 పెట్టేద్దామని అనిపిస్తుంది. పెట్టకూడదు. ఇద్దరు సంతకం పెట్టే పత్రంలో ఒకరి తరఫున ఫైలు వచ్చినంత మాత్రాన రెండోవాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు. అదే ఒకరి సొంత వ్యాసమో, కంపెనీ రిపోర్టో అయితే, ఫైలు ఎవరిదో వాళ్ళ మాటే చివరి మాట. ఈ తేడాను ముందే గుర్తిస్తే సగం చిక్కులు రావు.

రంగుల్ని మాత్రం నమ్మొద్దు. లాయరు మార్పులు మీ కంప్యూటర్‌లో ఎరుపుగా, ఇంకొకరి దగ్గర ఆకుపచ్చగా కనిపించవచ్చు. వర్డ్ రంగులను తనకు తానే పంచుతుంది. "ఎర్రవన్నీ ఒప్పుకోండి" అని ఫోన్‌లో ఎవరైనా చెబితే, "పేరు చెప్పండి" అని అడగండి. పేర్లలోనూ ఒక మెలిక ఉంది. ఒకే మనిషి ఆఫీసు కంప్యూటర్‌లో ఒక పేరుతో, ఫోన్‌లో ఇంకో పేరుతో దిద్ది ఉండవచ్చు. ఫైలులోంచి వ్యక్తిగత వివరాలు ఎవరైనా ముందే తీసేసి ఉంటే అందరి పేర్లూ Author అనే వస్తాయి. అప్పుడు ఎవరిది ఏది అని ఊహించడం మానేసి, పంపినవాళ్ళని అడగడమే దారి.

కామెంట్లను తీసేయమన్నట్టే కదా? అన్నీ డిలీట్ చేసేయొచ్చా?

చివరికి క్లీన్ కాపీలో ఒక్కటీ ఉండకూడదు, నిజమే. కానీ తీసే ముందు ప్రతిదాని పనీ పూర్తవ్వాలి. కామెంటు తీయడం వల్ల అందులోని ప్రశ్నకు జవాబు దొరకదు, ప్రశ్న మాయమవుతుందంతే.

కొన్ని కామెంట్లు ఆదేశాలు: "ఇక్కడ షాపు నంబరు చేర్చండి." నంబరు ఫైలులో ఇంకెక్కడైనా ఉంటే చేర్చాలి, లేకపోతే అడగాలి. కొన్ని పత్రానికి సంబంధం లేని పనులు: "ఓనరుగారి పాన్ కార్డు కాపీ పంపమనండి." అది అగ్రిమెంటులోకి వెళ్ళదు, కానీ మీరు పంపే మెసేజ్‌లోకి వెళ్ళాలి. లేకపోతే లాయరు అడిగిన సంగతి ఎవరికీ చేరదు.

ఇంకొన్ని ఒక వైపు వాళ్ళు తమలో తాము అనుకున్న మాటలు. మన ఫైలులో నోటీసు క్లాజు పక్కన ఓనరు లాయరుకు రాసుకున్నారు: "ఈయన ఎక్కువ కాలం ఉండకపోవచ్చు, నోటీసు గడువు మనకు అనుకూలంగా పెట్టండి." అద్దెదారు ఫైలు చూసిన తర్వాత రాసిన మాట అది. ఇలాంటిది అవతలివాళ్ళకు వెళ్ళే ఫైలులో ఉండకూడదు, మీ మెసేజ్‌లో కూడా తిరిగి రాయకూడదు. మన పని చేయడానికి దాన్ని చదివాం, అక్కడితో ఆపేయాలి.

అన్నీ అయ్యాక Review లో Delete బటన్ కింద ఉన్న Delete All Comments in Document వాడండి. మార్పులను Accept చేసినంత మాత్రాన కామెంట్లు పోవు, అవి వేరు. Resolve చేసినా పోవు, ఫైలులోనే ఉంటాయి.

తేలని చోట క్లీన్ కాపీలో ఏం రాయాలి?

వీలైతే ముందే అడగండి, అదీ ఒకే మెసేజ్‌లో, జవాబు ఒక్క మాటలో చెప్పగలిగేలా. "అద్దె 42,000 ఆ, 43,500 ఆ? ఫైలులో రెండూ ఉన్నాయి, ఏదీ ఖాయం కాలేదు." ఇలా అడిగితే రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది. "కొన్ని సందేహాలు ఉన్నాయి, ఫోన్ చేయగలరా" అంటే సాయంత్రం అయినా రాదు.

జవాబు రాకపోతే, టైమూ లేకపోతే? సంతకాలు పెట్టే పత్రమైతే ఆ చోటును చదరపు బ్రాకెట్లలో, పసుపు హైలైట్‌తో ఖాళీగా ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం:

నెలకు రూ. [________]

పాత 45,000 ఉంచితే పోలేదా అని కొందరు అంటారు. అది ఇద్దరూ వదిలేసిన అంకె. ఏదో ఒక పూర్తి అంకె ఉంటే పత్రం పూర్తయినట్టు కనిపిస్తుంది, హడావుడిలో సంతకాలు కూడా పడిపోతాయి. ఖాళీ ఉంటే ఎవరూ దాటి వెళ్ళలేరు. కాపీ పూర్తిగా "క్లీన్"గా లేదని పంపినవాళ్ళు అనుకోవచ్చు. ఒప్పందమే పూర్తికాలేదు కాబట్టి కాపీ దాన్ని అలాగే చూపిస్తోంది.

వ్యాసాలకూ రిపోర్టులకూ ఇంత అవసరం లేదు. అక్కడ చివరగా రాసిన వాక్యాన్నే ఉంచి, ఫలానా పేజీలో ఫలానా ప్రశ్న మిగిలిందని మెసేజ్‌లో చెబితే చాలు.

ఎవరూ ముట్టుకోని వాక్యాలను కూడా చూడాలా?

చూడాలి. మార్పు ఒక చోట జరిగితే దాని ప్రభావం ఇంకో చోట ఉంటుంది, అక్కడ ఏ గీతా ఉండదు. అద్దె అంకె మారింది, పక్కనున్న బ్రాకెట్‌లో "నలభై ఐదు వేల రూపాయలు" అలాగే ఉంది. అడ్వాన్సు క్లాజు చూడండి: "ఆరు నెలల అద్దె, అనగా రూ. 2,70,000". ఆ లెక్క 45,000 మీద వేసింది. అద్దె 43,500 అయితే అది 2,61,000 కావాలి, 42,000 అయితే 2,52,000. ఆ పేరాను ఎవరూ తాకలేదు కాబట్టి మార్పులను మాత్రమే వెంటాడుతూ వెళ్ళేవాళ్ళకు అది కనిపించదు. అడ్వాన్సు మొత్తం అలాగే ఉండాలని వాళ్ళు అనుకుని ఉండవచ్చు కూడా. కనుక దాన్ని మీరు లెక్కగట్టి మార్చేయకండి, అద్దెతో కలిపి అడగండి.

క్లాజుల నంబర్లది ఇదే కథ. ఐదో క్లాజు తొమ్మిదోదానితో సమానంగా ఉందని లాయరు కొట్టేశారు. ఖాయం చేయగానే ఆరోది ఐదు అవుతుంది, ఎనిమిదో క్లాజులో ఉన్న నోటీసు ఏడుకు వస్తుంది. చివర్లో ఎక్కడో "క్లాజు 8 లో చెప్పిన నోటీసు" అన్న మాట ఉంది. అది వర్డ్ క్రాస్ రిఫరెన్సు అయితే Ctrl+A కొట్టి F9 నొక్కితే మారుతుంది. రిఫరెన్సు చూపిస్తున్న క్లాజే తొలగిపోయి ఉంటే అక్కడ "Error! Reference source not found." అని వస్తుంది. ఎవరైనా చేత్తో 8 అని టైప్ చేసి ఉంటే F9 దాన్ని తాకదు, మీరే వెతికి మార్చాలి. తెలుగు అగ్రిమెంట్లలో ఎక్కువగా చేత్తో టైప్ చేసిన నంబర్లే ఉంటాయి. Ctrl+F లో "క్లాజు" అని వెతికి ఒక్కొక్కటీ చూసుకోండి.

ఇంకొకటి. క్లాజులోని మాటలన్నీ కొట్టేసినా, దాని చివర ఉన్న పేరా గుర్తును కొట్టేయకపోతే, ఖాయం చేశాక "5." అని ఒక ఖాళీ నంబరు మిగిలిపోతుంది. Ctrl+Shift+8 నొక్కి పేరా గుర్తులు కనిపించేలా పెట్టుకుంటే ఇది వెంటనే దొరుకుతుంది.

తెలుగు ఫైళ్ళలో ప్రత్యేకంగా చూడాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. మన భాషలో విభక్తి మాటకు అతుక్కుని ఉంటుంది. లాయరు "ఓనరు" అన్న ప్రతిచోటా "యజమాని" అని మార్చారు, కానీ మాట మొదలును మాత్రమే మార్చారు, చివరను వదిలేశారు. ఖాయం చేయగానే "ఓనరుకు" కాస్తా "యజమానికు" అవుతుంది, "ఓనరును" కాస్తా "యజమానిను" అవుతుంది. కావాల్సినవి "యజమానికి", "యజమానిని". మార్పులు కనిపిస్తున్నంతసేపూ కొట్టేసిన మాట, చేర్చిన మాట కలగలిసి ఉంటాయి కాబట్టి ఈ అతుకు తప్పు కంటికి ఆనదు. ఖాయం చేశాక, మార్చిన మాటను ఫైలంతా వెతికి దాని తోకను చూడాలి.

గుణింతం ఒక్కటే మార్చిన చోట్ల, అంటే "కి" లో గుడి తీసి కొమ్ము పెట్టినట్టుగా ఉన్న చోట్ల, అక్షరం విడిపోయి చుక్కల వలయం కనిపించవచ్చు. మార్పు ఖాయం చేశాక కూడా ఆ వలయం మిగిలితే ఆ మాటను మొత్తం చెరిపి మళ్ళీ టైప్ చేయడమే తేలిక.

అంకెలు వెతికేటప్పుడు "11" తో ఆగొద్దు, "పదకొండు" కూడా వెతకండి. మన ఉదాహరణలో గడువు మొదటి పేజీలో అంకెల్లో, ఆఖరి పేజీలో అక్షరాల్లో ఉంది.

దిద్దుతుంటే ఇంకా తప్పులు కనిపిస్తే సరిచేయొచ్చా?

మార్పుల అతుకుల దగ్గర పుట్టిన తప్పులు మన పనే: రెండు స్పేసులు, రెండుసార్లు పడిన మాట, పోయిన ఫుల్‌స్టాప్, పైన చెప్పిన విభక్తులు. అడగక్కర్లేదు, సరిచేయండి. ముందునుంచీ ఉన్న స్పష్టమైన అక్షర దోషం ఉంటే సరిచేసి మెసేజ్‌లో ఒక మాట చెప్పండి. వాక్యం బాగా లేదని తిరగరాయడం మాత్రం వద్దు, మీకు ఎంత ఖాయంగా అనిపించినా సరే. "అద్దెదారు చెల్లించవలెను" అన్నదాన్ని "అద్దెదారు చెల్లించవచ్చును" అని చదవడానికి హాయిగా మారిస్తే బాధ్యత కాస్తా వెసులుబాటు అవుతుంది. శుభ్రం చేయమన్నారు, రాయమనలేదు.

No Markup పెడితే స్క్రీన్ మీద అంతా శుభ్రంగానే ఉంది. అలా పంపితే ఏమవుతుంది?

ఆ వ్యూ మార్పులను దాస్తుంది, తీయదు. అందుకునేవాళ్ళు All Markup కి మార్చగానే అన్నీ బయటికి వస్తాయి. 2005 అక్టోబరులో లెబనాన్ మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్యపై ఐక్యరాజ్యసమితి దర్యాప్తు బృందం నివేదిక వర్డ్ ఫైలుగా విడుదలైంది. ట్రాక్ చేంజెస్ అందులోనే ఉండిపోవడంతో, ఒక సాక్షి చెప్పినట్టుగా రాసి, తర్వాత తీసేసిన సిరియా ప్రముఖుల పేర్లు పత్రికలకు దొరికాయి. తీసేసిన ఆ మాటలే పెద్ద చర్చకు దారితీశాయి. మన అగ్రిమెంటులో నోటీసు గడువు గురించిన కామెంటు అద్దెదారు చేతికి వెళ్తే జరిగేదీ చిన్నస్థాయిలో అదే.

పీడీఎఫ్ చేసినా ఒకసారి తెరిచి చూడండి. ప్రింట్ సెట్టింగుల్లో Print Markup టిక్ ఉంటే గీతలూ కామెంట్లూ పీడీఎఫ్‌లోకి, కాగితం మీదికి కూడా వస్తాయి. స్టాంపు పేపర్ పెట్టాక కనిపిస్తే ఆ పేపర్ వృథా.

అంతా అయ్యిందని ఎలా నిర్ధారించుకోవాలి?

రెండు విషయాలు వేరువేరుగా చూడాలి: ఫైలులో గీతలేవీ మిగల్లేదని, మాటలు సరైనవే మిగిలాయని.

మొదటిదానికి, ముందు Track Changes ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉంటే మీ దిద్దుబాట్లే కొత్త గీతలవుతాయి. తర్వాత File లో Info, అక్కడ Check for Issues, దాని కింద Inspect Document. మార్పులు, కామెంట్లు, దాచిన అక్షరాలు ఏమైనా ఉంటే చెబుతుంది. దీన్ని తనిఖీకే వాడండి. మధ్యలో Remove All నొక్కితే మిగిలిన మార్పులన్నీ అడక్కుండా ఖాయమైపోతాయి. లినక్స్ లేదా మ్యాక్ వాడేవాళ్ళు టెర్మినల్‌లో ఇలా కూడా లెక్కపెట్టవచ్చు, ఎందుకంటే .docx ఫైలు లోపల జిప్ మాత్రమే:

```
unzip -p agreement.docx word/document.xml | grep -oE '<w:(ins|del|moveFrom|moveTo) ' | wc -l
```

సున్నా రావాలి. హెడర్లు, ఫుట్‌నోట్లు వేరే ఫైళ్ళలో ఉంటాయి, ఈ లెక్కలోకి రావు. వాటిని వర్డ్‌లోనే చూసుకోండి.

రెండోదానికి Review లో Compare ఉంది. ముట్టుకోకుండా పక్కన పెట్టిన ఫైలు కాపీ తీసి, అందులో Reject All కొడితే మొదటి డ్రాఫ్టు వస్తుంది. దాన్ని Original document గా, మీ క్లీన్ కాపీని Revised document గా ఇవ్వండి. రెండింటి మధ్య తేడాలన్నీ కొత్త ఫైలులో గీతలుగా వస్తాయి. ప్రతి గీతకూ మీ దగ్గర కారణం ఉండాలి: ఫలానావారు మార్చారు, ఫలానా కామెంటులో ఒప్పుకున్నారు. కారణం చెప్పలేని గీత కనిపిస్తే అక్కడ చెయ్యి జారినట్టు. గడువు దగ్గర గీత ఉండకూడదు, 11 మళ్ళీ 11 అయింది కాబట్టి. అక్కడ గీత కనిపించిందా, 36 లోపలికి వచ్చేసినట్టే.

తిరిగి పంపేటప్పుడు ఏమేమి పంపాలి?

క్లీన్ కాపీ, దాంతో కొన్ని వాక్యాల మెసేజ్. పంపినవాళ్ళ వైపు చూపడానికి ఆ Compare ఫైలు కూడా ఇస్తే మంచిది, కానీ దాని పేరులోనే తేడా తెలియాలి, పొరపాటున అదే అవతలివాళ్ళకు వెళ్ళకుండా. మన అగ్రిమెంటుకు మెసేజ్ ఇలా ఉంటుంది:

"సార్, క్లీన్ కాపీ పంపుతున్నాను. ప్రింట్ తీసే ముందు ఒకటి తేలాలి: అద్దె 42,000 ఆ, 43,500 ఆ అన్నది ఖాయం కాలేదు, అక్కడ ఖాళీ ఉంచాను. దాన్నిబట్టి అడ్వాన్సు 2,70,000 కూడా మారుతుందేమో చెప్పండి. గడువు కామెంట్లలో ఇద్దరూ ఒప్పుకున్నట్టు 11 నెలలే ఉంచాను. క్లాజు 5 తీసేయడం వల్ల నంబర్లు జరిగాయి, నోటీసు ఇప్పుడు క్లాజు 7. లాయరుగారు పాన్ కార్డు కాపీ అడిగారు."

ముందు వాళ్ళు చేయాల్సినది, తర్వాత మనం వాళ్ళ తరఫున తీసుకున్న నిర్ణయం, ఆ తర్వాత మిగతావి. ఎన్ని కామాలు సరిచేశామో చెప్పక్కర్లేదు.

గూగుల్ డాక్స్‌లో, లిబ్రే ఆఫీసులో ఇదే పద్ధతా?

పద్ధతి అదే, బటన్లు వేరు. గూగుల్ డాక్స్‌లో Tools కింద Review suggested edits ఉంటుంది. ఫైలును .docx గా డౌన్‌లోడ్ చేస్తే తేల్చని సజెషన్లు వర్డ్‌లో ట్రాక్ చేంజెస్‌గా వస్తాయి, కామెంట్లూ వెంట వస్తాయి. లిబ్రే ఆఫీసులో Edit కింద Track Changes, అందులో Manage తెరిస్తే పేర్లూ తేదీలతో జాబితా కనిపిస్తుంది.

Accept, Reject బటన్లు మసకబారి ఉన్నాయి, నొక్కితే పనిచేయడం లేదు. ఏం చేయాలి?

ఎవరో Lock Tracking పెట్టి ఉంటారు. Review లో Track Changes కింద చూడండి. పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అది ఎవరు పెట్టారో కనుక్కుని వాళ్ళనే అడగాలి. మాటలన్నీ కాపీ చేసి కొత్త ఫైలులో అతికించి తాళాన్ని దాటే దారులు కొందరు చెబుతారు, అలా చేయకండి. తమకు తెలియకుండా ఏ మార్పూ ఖాయం కాకూడదని ఒకరు కావాలనే పెట్టిన తాళం అది. మన ఫైలులో అది లాయరు పెట్టి ఉంటే, ఓనరు అబ్బాయి "క్లీన్ చేయండి" అన్నంత మాత్రాన తీయడానికి వీల్లేదు. ఫోన్ ముందు లాయరుగారికే చేయాలి.